మూడు వృత్తాల వెన్ చిత్రం: ‘ఒక్కదానిలో మాత్రమే’ ఉన్నవాటిని లెక్కించడం ఎలా?

భారతదేశంలోని 28 రాష్ట్రాలను మూడు ప్రశ్నలు అడుగుదాం. నీకు సముద్ర తీరం ఉందా? పొరుగు దేశంతో భూ సరిహద్దు ఉందా? కర్కట రేఖ నీ మీదుగా వెళుతుందా? ఈ మూడింటిలో సరిగ్గా ఒక్క ప్రశ్నకే ‘అవును’ అనే రాష్ట్రాలు ఎన్ని?

తీరం ఉన్న రాష్ట్రాలు 9. భూ సరిహద్దు ఉన్నవి 16. కర్కట రేఖ వెళ్లేవి 8. మూడూ కూడితే 33 వస్తుంది, కానీ దేశంలో ఉన్న రాష్ట్రాలే 28. అంటే కొన్ని రాష్ట్రాలు ఒకటి కంటే ఎక్కువసార్లు లెక్కలోకి వచ్చాయి. ఏవి వచ్చాయో, ఎన్నిసార్లు వచ్చాయో విడదీసి చూపడానికి మూడు వృత్తాల వెన్ చిత్రం కంటే తేలికైన సాధనం లేదు. సమితుల పాఠంలోనూ, పోటీ పరీక్షల్లోనూ ఈ రకం ప్రశ్నలు వస్తూనే ఉంటాయి. చాలామంది సూత్రం కంఠతా పట్టి వెళతారు. ప్రశ్నలో ఒక్క మాట మారగానే ఆ సూత్రం ఎక్కడ పెట్టాలో తెలియక ఆగిపోతారు. అందుకే ఇక్కడ ముందు చిత్రాన్ని చదవడం నేర్చుకుని, సూత్రాన్ని దాని నుంచే రాబడదాం. మొదటి నుంచి చివరి దాకా ఈ రాష్ట్రాల ఉదాహరణనే పట్టుకుని వెళదాం. ప్రతి అంకె వెనుకా ఒక పేరు ఉంటుంది కాబట్టి అట్లాసు తెరిచి ఎవరైనా సరిచూసుకోవచ్చు.

మొదట గీత ఎక్కడ గీయాలో తేల్చుకోండి

వృత్తాల కంటే ముందు గీయాల్సింది వాటి చుట్టూ ఉండే దీర్ఘచతురస్రం. అదే విశ్వసమితి. లెక్కలో ఎవరు ఉన్నారు, ఎవరు లేరు అన్నది అది నిర్ణయిస్తుంది. మన విశ్వసమితి 28 రాష్ట్రాలు. కేంద్రపాలిత ప్రాంతాలను ఇందులో చేర్చడం లేదు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ, లద్దాఖ్, జమ్మూ కశ్మీర్‌లను చేర్చితే సరిహద్దు సమితి పెరుగుతుంది. పుదుచ్చేరి, లక్షద్వీప్, అండమాన్ నికోబార్‌లను చేర్చితే తీరం సమితి పెరుగుతుంది. పాత పుస్తకాల్లోని జవాబుకూ మన జవాబుకూ తేడా వస్తే ముందుగా అనుమానించాల్సింది ఈ దీర్ఘచతురస్రాన్నే.

తర్వాత ప్రతి సమితికీ అవును, కాదు అని తేల్చగలిగే నిర్వచనం ఉండాలి. ‘సరిహద్దు’ అని మాత్రమే అంటే సముద్రంలో శ్రీలంకకు ఎదురుగా ఉన్న తమిళనాడును ఏం చేయాలన్న ప్రశ్న వస్తుంది. ‘భూ సరిహద్దు’ అన్నాం కాబట్టి ఆ సందేహం లేదు. మూడు సమితులకూ ఒక్కో అక్షరం పెట్టుకుందాం: తీరం ఉన్నవి త, సరిహద్దు ఉన్నవి స, కర్కట రేఖ వెళ్లేవి క.

మూడు వృత్తాలు, ఎనిమిది భాగాలు

ఇప్పుడు మూడు వృత్తాలు గీయండి. త ఎడమవైపు పైన, స కుడివైపు పైన, క కింద మధ్యలో. ప్రతి వృత్తమూ మిగతా రెండింటినీ ఖండించాలి, మూడింటికీ ఉమ్మడిగా మధ్యలో కొంత చోటు మిగలాలి. ఒక్కో రాష్ట్రం మూడు ప్రశ్నలకూ అవును లేదా కాదు అని జవాబు చెబుతుంది. జవాబులు రెండు రకాలు, ప్రశ్నలు మూడు కాబట్టి 2 × 2 × 2 = 8 రకాల రాష్ట్రాలు ఉండవచ్చు. చిత్రంలోనూ సరిగ్గా ఎనిమిది భాగాలు ఉంటాయి. అవి ఇవి:

| త | స | క | భాగం |
|---|---|---|---|
| అవును | కాదు | కాదు | తీరం మాత్రమే |
| కాదు | అవును | కాదు | సరిహద్దు మాత్రమే |
| కాదు | కాదు | అవును | కర్కట రేఖ మాత్రమే |
| అవును | అవును | కాదు | తీరం, సరిహద్దు మాత్రమే |
| అవును | కాదు | అవును | తీరం, కర్కట రేఖ మాత్రమే |
| కాదు | అవును | అవును | సరిహద్దు, కర్కట రేఖ మాత్రమే |
| అవును | అవును | అవును | మూడూ |
| కాదు | కాదు | కాదు | ఏదీ లేదు |

చిత్రం చదవడంలో అసలు కీలకం ఈ పట్టికలోనే ఉంది. వృత్తం వేరు, భాగం వేరు. త అనే వృత్తం నాలుగు భాగాల కలయిక: తీరం మాత్రమే ఉన్నది ఒకటి, తీరంతో పాటు ఇంకొకటి మాత్రమే ఉన్నవి రెండు, మూడూ ఉన్నది ఒకటి. అలాగే త, స వృత్తాలు కలిసే చోటు, అంటే త∩స, ఒక్క భాగం కాదు. క వృత్తం దాన్ని మధ్యలో కోసి రెండు చేస్తుంది. కోతకు ఒక పక్క త, స మాత్రమే ఉన్నవి, మరో పక్క మూడూ ఉన్నవి. ‘త∩సలో ఇన్ని ఉన్నాయి’ అని ప్రశ్నలో చెప్పిన సంఖ్య ఈ రెండు భాగాలదీ కలిపి. దాన్ని తీసుకెళ్లి ఒక్క భాగంలో రాయడమే ఈ లెక్కల్లో ఎక్కువమంది చేసే పొరపాటు. దాని దగ్గర తర్వాత కాసేపు ఆగుదాం.

పేర్లు తెలిసినప్పుడు: ఒక్కొక్కటిగా చోటు చూపండి

సభ్యుల పేర్లన్నీ చేతిలో ఉంటే కూడికలూ తీసివేతలూ అక్కర్లేదు. ఒక్కో పేరునూ మూడు ప్రశ్నలు అడిగి దాని భాగంలో రాయడమే. ముందు మూడు జాబితాలు:

తీరం (9): గుజరాత్, మహారాష్ట్ర, గోవా, కర్ణాటక, కేరళ, తమిళనాడు, ఆంధ్రప్రదేశ్, ఒడిశా, పశ్చిమ బెంగాల్.

భూ సరిహద్దు (16): గుజరాత్, రాజస్థాన్, పంజాబ్, హిమాచల్ ప్రదేశ్, ఉత్తరాఖండ్, ఉత్తరప్రదేశ్, బిహార్, పశ్చిమ బెంగాల్, సిక్కిం, అసోం, అరుణాచల్ ప్రదేశ్, నాగాలాండ్, మణిపూర్, మిజోరం, త్రిపుర, మేఘాలయ.

కర్కట రేఖ (8): గుజరాత్, రాజస్థాన్, మధ్యప్రదేశ్, ఛత్తీస్‌గఢ్, ఝార్ఖండ్, పశ్చిమ బెంగాల్, త్రిపుర, మిజోరం.

జాబితా రాసేటప్పుడు జారిపోయే పేర్లు కొన్ని ఉంటాయి. నేపాల్ పక్కనే ఉన్నా ఉత్తరప్రదేశ్, బిహార్‌లను సరిహద్దు రాష్ట్రాలుగా చాలామంది తలచుకోరు. ఒడిశా కర్కట రేఖకు కాస్త దక్షిణాన ఆగిపోతుంది కానీ, దాన్ని పొరపాటున చేర్చేవాళ్లు ఉన్నారు. ఇక్కడ ఒక్క పేరు తప్పితే చిత్రంలో రెండు భాగాలు తప్పుతాయి: ఆ పేరు ఉండాల్సిన భాగంలో ఒకటి తగ్గుతుంది, ఉండకూడని భాగంలో ఒకటి పెరుగుతుంది.

చోటు చూపడం మధ్య నుంచి మొదలుపెట్టండి. మూడు జాబితాల్లోనూ ఉన్నవి గుజరాత్, పశ్చిమ బెంగాల్. ఈ రెండింటినీ నట్టనడుమ రాసి, మూడు జాబితాల్లోనూ కొట్టేయండి. ఇప్పుడు మిగిలిన పేర్లలో రెండు జాబితాల్లో ఉన్నవి వెతకండి. సరిహద్దు, కర్కట రేఖ జాబితాల్లో రాజస్థాన్, త్రిపుర, మిజోరం ఉన్నాయి. తీరం, సరిహద్దు రెండింట్లో మిగిలినవి లేవు. తీరం, కర్కట రేఖ రెండింట్లోనూ లేవు. దొరికిన మూడు పేర్లనూ వాటి భాగంలో రాసి, రెండు జాబితాల్లోనూ కొట్టేయండి. ఇక ప్రతి జాబితాలో మిగిలిందంతా ఆ ఒక్కదానిలో మాత్రమే ఉన్నదే.

తీరం జాబితాలో మహారాష్ట్ర, గోవా, కర్ణాటక, కేరళ, తమిళనాడు, ఆంధ్రప్రదేశ్, ఒడిశా మిగులుతాయి. ఇవి 7. సరిహద్దు జాబితాలో పంజాబ్, హిమాచల్ ప్రదేశ్, ఉత్తరాఖండ్, ఉత్తరప్రదేశ్, బిహార్, సిక్కిం, అసోం, అరుణాచల్ ప్రదేశ్, నాగాలాండ్, మణిపూర్, మేఘాలయ మిగులుతాయి. ఇవి 11. కర్కట రేఖ జాబితాలో మధ్యప్రదేశ్, ఛత్తీస్‌గఢ్, ఝార్ఖండ్ మిగులుతాయి. ఇవి 3. సరిగ్గా ఒక్క లక్షణమే ఉన్న రాష్ట్రాలు 7 + 11 + 3 = 21. మన ప్రశ్నకు ఇదే జవాబు.

పని ఇక్కడితో ఆపకండి, బయట మిగిలిన వాటినీ చూడండి. వృత్తాల్లో చోటు దొరికినవి 21 + 3 + 2 = 26. మొత్తం 28 కాబట్టి రెండు రాష్ట్రాలు ఏ వృత్తంలోనూ పడలేదు. అవి హరియాణా, తెలంగాణ. తెలంగాణకు తీరం లేదు, ఏ దేశంతోనూ సరిహద్దు లేదు, కర్కట రేఖ దానికి చాలా ఉత్తరంగా వెళుతుంది. ఎనిమిది భాగాల మొత్తం 7 + 11 + 3 + 0 + 0 + 3 + 2 + 2 = 28 అయింది కాబట్టి ఏ రాష్ట్రమూ తప్పిపోలేదు, ఏదీ రెండుసార్లు రాలేదు.

ఖాళీగా మిగిలిన రెండు భాగాలను చిత్రం నుంచి తుడిచేయకండి, వాటిలో 0 రాయండి. ఆంగ్ల తర్కశాస్త్రవేత్త జాన్ వెన్ 1880లో ఈ చిత్రాలను ప్రతిపాదించినప్పుడు పట్టుబట్టింది ఈ పద్ధతి మీదే. అంతకు ముందు గణిత శాస్త్రవేత్త ఆయిలర్ గీసిన వృత్తాల్లో, కలవని సమితులను విడివిడిగా గీసేవారు. వెన్ మాత్రం కలయికలన్నింటికీ ముందే చోటు ఉంచి, ఏది ఖాళీయో తర్వాత గుర్తుపెట్టమన్నాడు. మనకు దీనివల్ల ఒక లాభం ఉంది: ‘తీరం, కర్కట రేఖ ఉండి సరిహద్దు లేని రాష్ట్రాలు ఎన్ని’ అని అడిగితే, ఆ భాగం చూసి ‘ఒక్కటీ లేదు’ అని నిస్సంకోచంగా చెప్పవచ్చు.

సంఖ్యలే తెలిసినప్పుడు: మధ్య నుంచి బయటికి

పరీక్షల్లో పేర్లు ఇవ్వరు, సంఖ్యలే ఇస్తారు. మన ఉదాహరణను ఆ రూపంలో రాద్దాం. తీరం ఉన్నవి 9, సరిహద్దు ఉన్నవి 16, కర్కట రేఖ వెళ్లేవి 8. తీరమూ సరిహద్దూ ఉన్నవి 2, తీరమూ కర్కట రేఖా ఉన్నవి 2, సరిహద్దూ కర్కట రేఖా ఉన్నవి 5. మూడూ ఉన్నవి 2.

పేర్లు కొట్టేసిన వరుసలోనే ఇప్పుడు తీసివేతలు చేయాలి. నట్టనడుమ 2 రాయండి. త∩స విలువ 2, అందులో మధ్య భాగానిది 2, కాబట్టి తీరం, సరిహద్దు మాత్రమే ఉన్నవి 2 − 2 = 0. త∩క కూడా అంతే, 0. స∩క విలువ 5, అందులోంచి 2 తీసేస్తే సరిహద్దు, కర్కట రేఖ మాత్రమే ఉన్నవి 3. ఇప్పుడు ఒక్కో వృత్తానికి మూడు భాగాలు నిండాయి, నాలుగోదే మిగిలింది.

తీరం మాత్రమే: 9 − 0 − 0 − 2 = 7.
సరిహద్దు మాత్రమే: 16 − 0 − 3 − 2 = 11.
కర్కట రేఖ మాత్రమే: 8 − 0 − 3 − 2 = 3.

వరుస తారుమారైతే లెక్క చెడుతుంది. ఉదాహరణకు మధ్య భాగాన్ని పట్టించుకోకుండా, కర్కట రేఖ వృత్తంలోంచి జతల సంఖ్యలను నేరుగా తీసేస్తే 8 − 2 − 5 = 1 వస్తుంది. సరైన జవాబు 3. ఆ రెండు ఎక్కడ పోయాయి? గుజరాత్, పశ్చిమ బెంగాల్ త∩కలోనూ ఉన్నాయి, స∩కలోనూ ఉన్నాయి. రెండు జతలనూ తీసేసినప్పుడు అవి రెండుసార్లు పోయాయి. ఒక్కసారి పోవాలి కాబట్టి మధ్య సంఖ్యను తిరిగి కలపాలి: 8 − 2 − 5 + 2 = 3. ఒక్క వృత్తానికి సూత్రం కావాలంటే ఇదే, ఇందులో n అంటే ఆ సమితిలో ఉన్నవాటి సంఖ్య:

```
క మాత్రమే = n(క) − n(త∩క) − n(స∩క) + n(త∩స∩క)
```

‘రెండూ’ అన్నారా, ‘రెండు మాత్రమే’ అన్నారా?

‘సరిహద్దూ కర్కట రేఖా ఉన్నవి 5’ అంటే తీరం సంగతి చెప్పలేదని అర్థం. తీరం ఉండవచ్చు, లేకపోవచ్చు. ‘సరిహద్దు, కర్కట రేఖ మాత్రమే ఉన్నవి 3’ అంటే తీరం లేదని చెప్పినట్టే. మొదటి సంఖ్య రెండు భాగాలది కాబట్టి అందులోంచి మధ్య సంఖ్య తీసేయాలి. రెండోది ఒకే భాగానిది కాబట్టి దాన్ని ఏమీ తీసేయకుండా చిత్రంలో రాసేయాలి. ‘కానీ తీరం లేనివి’ అన్న మాట కనిపించినా రెండో రకంగానే తీసుకోవాలి.

మొదటి రకం సంఖ్యలను రెండో రకంగా చదివితే ఏమవుతుందో చూడండి. త, స భాగంలో 2, త, క భాగంలో 2, స, క భాగంలో 5, మధ్యలో 2 రాశాం అనుకుందాం. కర్కట రేఖ మాత్రమే ఉన్నవి 8 − 2 − 5 − 2 = −1. రాష్ట్రాల సంఖ్య సున్నా కంటే తక్కువ కావడం అసాధ్యం. ఏ భాగంలోనైనా రుణ సంఖ్య వస్తే కూడికలో తప్పు వెతకడం కంటే ముందు ప్రశ్నను మళ్లీ చదవండి. చాలాసార్లు తప్పు దొరికేది ఈ ‘మాత్రమే’ దగ్గరే.

అయితే ప్రతిసారీ రుణ సంఖ్య వచ్చి హెచ్చరిస్తుందని అనుకోవద్దు. వృత్తాలు పెద్దవై, కలిసే భాగాలు చిన్నవైతే తప్పుడు జవాబు కూడా ధన సంఖ్యగానే వస్తుంది. అప్పుడు దాన్ని పట్టించేది మొత్తం ఒక్కటే. ప్రశ్నలో మొత్తం, బయట ఉన్నవాటి సంఖ్య ఇచ్చి ఉంటే, ఎనిమిది భాగాలూ కూడి సరిపోతుందో లేదో తప్పకుండా చూడాలి.

అడిగిన ప్రశ్నలోనూ ఇలాంటి జంటే ఇంకొకటి ఉంది. ‘కర్కట రేఖ మాత్రమే ఉన్నవి ఎన్ని’ అంటే ఒక్క భాగం, జవాబు 3. ‘ఏదైనా ఒక్క లక్షణం మాత్రమే ఉన్నవి ఎన్ని’ అంటే మూడు భాగాల మొత్తం, జవాబు 21. ‘కనీసం ఒక్క లక్షణమైనా ఉన్నవి’ అంటే వృత్తాల్లోని ఏడు భాగాలూ, జవాబు 26. ‘ఒకటికి మించనివి’ అంటే ఏదీ లేనివీ చేరతాయి, జవాబు 21 + 2 = 23. ఐచ్ఛికాల్లో 21, 23, 26 మూడూ పక్కపక్కనే కనిపిస్తే ఆశ్చర్యపోకండి. ప్రశ్న తయారుచేసేవారు వాటిని కావాలనే పెడతారు. నేనైతే పెన్సిలుతో అడిగిన భాగాలను ముందు గీతలు గీసి నింపుకుని, ఆ తర్వాతే కూడడం మొదలుపెట్టమంటాను.

సూత్రంలోని 2, 3 ఎక్కడివి?

ఒక్కో భాగం విడిగా అవసరం లేదు, ఒక్కదానిలో మాత్రమే ఉన్నవాటి మొత్తం చాలు అనుకుంటే దగ్గరి దారి ఉంది:

```
ఒక్కదానిలో మాత్రమే = (వృత్తాల మొత్తం) − 2 × (జతల మొత్తం) + 3 × (మధ్య సంఖ్య)
```

మనకు 33 − 2 × 9 + 3 × 2 = 33 − 18 + 6 = 21. సరిపోయింది. కానీ ఆ 2, 3 ఎందుకు? మూడు రాష్ట్రాలను వెంబడిస్తే తెలుస్తుంది.

కేరళ ఒక్క వృత్తంలోనే ఉంది. వృత్తాల మొత్తంలో ఒకసారి వస్తుంది, జతల మొత్తంలో రాదు, మధ్యలో రాదు. మనకు అది ఒకసారే కావాలి కాబట్టి దానికి ఏ సవరణా అక్కర్లేదు.

రాజస్థాన్ రెండు వృత్తాల్లో ఉంది. వృత్తాల మొత్తంలో రెండుసార్లు వస్తుంది. జతల్లో ఒక్క స∩కలోనే, అంటే ఒకసారి వస్తుంది. మనకు అది అసలు లెక్కలో ఉండకూడదు. రెండుసార్లు వచ్చినదాన్ని పూర్తిగా తీసేయాలంటే జతల మొత్తాన్ని రెండుసార్లు తీసేయాలి. అదీ ఆ 2.

గుజరాత్ మూడు వృత్తాల్లోనూ ఉంది, మూడు జతల్లోనూ ఉంది. వృత్తాల మొత్తంలో 3 సార్లు వచ్చింది. జతల మొత్తాన్ని రెండుసార్లు తీసేసినప్పుడు 6 సార్లు పోయింది. ఇప్పుడు దాని లెక్క −3 దగ్గర ఉంది. అది 0 కావాలంటే మధ్య సంఖ్యను మూడుసార్లు కలపాలి. అదీ ఆ 3.

ఇదే తర్కంతో సరిగ్గా రెండింటిలో ఉన్నవాటి లెక్కా వస్తుంది. జతల మొత్తంలో రాజస్థాన్ ఒకసారి, గుజరాత్ మూడుసార్లు ఉన్నాయి కాబట్టి 9 − 3 × 2 = 3. చాలామందికి నోటికి వచ్చే 33 − 9 + 2 = 26 అనే లెక్క ‘కనీసం ఒకటి’ ఉన్నవాటిది. దాన్ని ‘ఒక్కటి మాత్రమే’కు వాడితే జవాబు 5 ఎక్కువ వస్తుంది. ఆ 5 ఎవరో ఇప్పుడు చెప్పగలం: రాజస్థాన్, త్రిపుర, మిజోరం, గుజరాత్, పశ్చిమ బెంగాల్.

ఒక జాగ్రత్త. ఈ సూత్రంలోని జతల మొత్తం ‘రెండూ ఉన్నవి’ అనే మొదటి రకం సంఖ్యలది. ప్రశ్నలో ‘రెండు మాత్రమే’ అని ఇస్తే ఈ సూత్రం పనికిరాదు. అప్పుడు చిత్రంలో నేరుగా నింపుకుంటూ పోవడమే సులువు.

మధ్య సంఖ్య చెప్పకపోతే

మధ్య సంఖ్య తెలియకపోతే అక్కడ x అని రాసి, మధ్య నుంచి బయటికి అదే దారిలో వెళ్లండి. జతల భాగాలు 2 − x, 2 − x, 5 − x అవుతాయి. ఒక్కటి మాత్రమే ఉన్నవి వరుసగా 5 + x, 9 + x, 1 + x. ఏడు భాగాలనూ కూడితే 24 + x వస్తుంది. మొత్తం 28, ఏ లక్షణమూ లేనివి 2 అని తెలిస్తే వృత్తాల్లో ఉన్నవి 26. కాబట్టి 24 + x = 26, x = 2. ఆ విలువ పెట్టగానే 7, 11, 3 తిరిగి వస్తాయి.

మొత్తం కూడా చెప్పకపోతే? అప్పుడు ఒకే జవాబు రాదు, కానీ హద్దులు వస్తాయి. ఏ భాగమూ రుణ సంఖ్య కాకూడదు. 2 − x సున్నాకు తగ్గకూడదంటే x విలువ 2కు మించకూడదు. కాబట్టి x అంటే 0, 1 లేదా 2. ఒక్కటి మాత్రమే ఉన్నవాటి సంఖ్య 15 + 3x కాబట్టి అది 15, 18, 21లలో ఏదో ఒకటి కావాలి. ‘ఇచ్చిన సమాచారం చాలదు’ అనే ఐచ్ఛికం ఉండే ప్రశ్నల్లో పరీక్షించేది ఇదే. గరిష్ఠం ఎంత, కనిష్ఠం ఎంత అని అడిగే ప్రశ్నలూ ఇలాగే తేలతాయి.

జాబితా పెద్దదైతే

వందలకొద్దీ పేర్లు ఉన్నప్పుడు చేత్తో కొట్టేయడం కుదరదు. స్ప్రెడ్‌షీట్‌లో మొదటి నిలువు వరుసలో పేరు, తర్వాత మూడు వరుసల్లో అవునుకు 1, కాదుకు 0 రాసి, ఐదో వరుసలో వాటి మొత్తం వేయండి. 28 రాష్ట్రాలు 2 నుంచి 29 దాకా అడ్డువరుసల్లో ఉంటే:

```
E2:  =B2+C2+D2
=COUNTIF(E2:E29,1)
=COUNTIFS(B2:B29,0,C2:C29,0,D2:D29,1)
```

మొదటిదాన్ని కిందిదాకా లాగాలి. రెండోది 21 ఇస్తుంది, మూడోది కర్కట రేఖ మాత్రమే ఉన్న 3 ఇస్తుంది. ఖాళీగా వదిలిన గడిని COUNTIFS సున్నాగా లెక్కించదు కాబట్టి ‘కాదు’ అన్నచోట 0 తప్పకుండా రాయాలి.

చిత్రం చెప్పనివి

వృత్తాలు సమానంగా గీశాం కానీ సంఖ్యలు 9, 16, 8. భాగం పెద్దగా కనిపించడానికీ అందులో ఎక్కువ ఉండటానికీ సంబంధం లేదు. మన చిత్రంలో నడుమ చిన్నగా కనిపించే భాగంలో 2 ఉంటే, దాని పక్కనున్న రెండు భాగాల్లో ఏమీ లేదు. మూడు వృత్తాలతో ఏడు భాగాల వైశాల్యాలనూ సంఖ్యలకు తగ్గట్టు గీయడం సాధారణంగా కుదరదు కూడా. అందుకే కంటితో అంచనా వేయకుండా రాసిన అంకెలనే చదవాలి.

సమితులు నాలుగైతే వృత్తాలు చాలవు. 16 భాగాలు కావాలి, కానీ నాలుగు వృత్తాలను ఎలా గీసినా 14కు మించి రావు. వెన్ దానికి దీర్ఘవృత్తాలు వాడాడు. చేత్తో చేసేవారికి నాలుగు సమితుల దగ్గర పట్టికే మేలు.

మీరే చేసి చూడటానికి ఒకటి

1 నుంచి 100 దాకా ఉన్న సంఖ్యల్లో 2, 3, 5లలో సరిగ్గా ఒక్కదానితో మాత్రమే భాగించబడేవి ఎన్ని?

వృత్తాల సంఖ్యలు 50, 33, 20. 2, 3 రెండింటితోనూ పోయేవి 6 గుణిజాలు కాబట్టి 16. అలాగే 10 గుణిజాలు 10, 15 గుణిజాలు 6. మూడింటితోనూ పోయేవి 30, 60, 90, అంటే 3. జతల భాగాలు 13, 7, 3 అవుతాయి. 2తో మాత్రమే పోయేవి 50 − 13 − 7 − 3 = 27. 3తో మాత్రమే పోయేవి 33 − 13 − 3 − 3 = 14. 5తో మాత్రమే పోయేవి 20 − 7 − 3 − 3 = 7. మొత్తం 48. దగ్గరి దారిలో 103 − 2 × 32 + 3 × 3 కూడా 48.

చిన్న భాగాన్ని పేర్లతో సరిచూడండి. 5తో మాత్రమే పోయేవి 5, 25, 35, 55, 65, 85, 95, సరిగ్గా ఏడు. ఏ వృత్తంలోనూ పడనివి 100 − (48 + 23 + 3) = 26. వాటిని రాయడం మొదలుపెడితే 1, 7, 11, 13, 17, 19, 23, 29 అంటూ ప్రధాన సంఖ్యల జాబితాలా కనిపిస్తాయి. కానీ మొదట ఉన్న 1 ప్రధాన సంఖ్య కాదు, ముందుకు వెళితే 49, 77, 91 కూడా ఎదురవుతాయి. అవన్నీ కలిపితేనే 26 అవుతుంది.